పదిహేను మెట్ల ఆట: ఒక సిరీస్ రూపం ఎలా నిలబడుతుంది

వారం వారం వచ్చే ఏ కార్యక్రమంలోనైనా ఎపిసోడ్‌తో పాటు మారేవి కొన్ని ఉంటాయి, ఎన్ని ఎపిసోడ్లు గడిచినా మారనివి కొన్ని ఉంటాయి. వచ్చే అతిథి మారతాడు, అడిగే ప్రశ్న మారుతుంది, చూపించే ఊరు మారుతుంది. భాగాల వరస, పేరు పెట్టే తీరు, మొదలయ్యే పద్ధతి మాత్రం అలాగే ఉంటాయి. ఈ మారని భాగాన్ని టీవీ వాళ్లు ఫార్మాట్ అంటారు. ప్రేక్షకుడికి అది ముందే తెలిసి ఉంటే, తర్వాత ఏం వస్తుందో ఊహించుకునే పని అతనికి తప్పుతుంది. అతని ధ్యాసంతా ఆ రోజు కొత్తగా వచ్చిన విషయం మీదే నిలుస్తుంది. కాబట్టి ఫార్మాట్ తయారు చేయడమంటే ముందుగా ఏది మారకూడదో, ఏది మారాలో తేల్చుకోవడమే. ఈ రెండింటినీ కలగాపులగం చేసిన సిరీస్‌లు పది ఎపిసోడ్లు దాటేసరికే అలసిపోతాయి.

ఇది ఎలా పనిచేస్తుందో చూడటానికి తెలుగు ప్రేక్షకులకు బాగా తెలిసిన ఆట ఒకటుంది. బ్రిటన్‌లో 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్' పేరుతో 1998 సెప్టెంబరు 4న ఐటీవీలో మొదలైంది. సెలడార్ సంస్థ దాన్ని తీసింది. డేవిడ్ బ్రిగ్స్, మైక్ వైట్‌హిల్, స్టీవెన్ నైట్ కలిసి ఆటను రూపొందించారు. మన దేశంలో అది 2000 జులై 3న 'కౌన్ బనేగా కరోడ్‌పతి'గా స్టార్ ప్లస్‌కు వచ్చింది. తెలుగులో 2014లో నాగార్జున వ్యాఖ్యాతగా మా టీవీలో 'మీలో ఎవరు కోటీశ్వరుడు' అయింది, 2017లో చిరంజీవి ఆ కుర్చీలో కూర్చున్నారు. 2021లో జెమినీ టీవీలో జూనియర్ ఎన్టీఆర్ వ్యాఖ్యాతగా 'ఎవరు మీలో కోటీశ్వరులు' పేరుతో వచ్చింది. భాష, చానల్, వ్యాఖ్యాత, చివరికి పేరు కూడా మారాయి. అయినా టీవీ పెట్టిన మరుక్షణం అది ఏ ఆటో ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. ఇన్ని మార్పులను తట్టుకున్నది ఆ ఆట అస్థిపంజరం. దాన్ని కాస్త దగ్గరగా చూడాలి.

మెట్లు, ఊతాలు, హూటర్

బ్రిటిష్ ఆటలో మొదట పదిహేను ప్రశ్నలు ఉండేవి. మొదటి మెట్టు 100 పౌండ్లు, చివరి మెట్టు 10 లక్షల పౌండ్లు. ఐదో ప్రశ్న దాటితే 1,000 పౌండ్లు, పదో ప్రశ్న దాటితే 32,000 పౌండ్లు ఖాయం. తర్వాత తప్పు చెప్పినా అంతకు కిందికి పడిపోరు. ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులు కళ్ల ముందే ఉంటాయి. ఆటగాడికి మూడు లైఫ్‌లైన్లు ఉంటాయి: రెండు తప్పు జవాబులు తీసేయించుకోవచ్చు, స్నేహితుడికి ఫోన్ చేయవచ్చు, ఎదురుగా కూర్చున్నవాళ్లను అడగవచ్చు. ఒక్కోటి ఒక్కసారే. ప్రశ్న చదివాక డబ్బు తీసుకుని లేచిపోవడానికీ వీలుంది.

ఒకసారి చూసిన వాళ్లకు ఇదంతా తెలిసిపోతుంది. తెలిసిపోవడమే అసలు బలం. పదకొండో ప్రశ్న దగ్గర ఆటగాడు తటపటాయిస్తుంటే, తప్పు చెబితే అతను ఎంత పోగొట్టుకుంటాడో, ఎంత మిగులుతుందో, చేతిలో ఏ లైఫ్‌లైన్ ఉందో ఇంట్లో కూర్చున్నవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే వాళ్లు అతనితో పాటు ఊపిరి బిగబడతారు. నియమాలు ప్రతిసారీ వివరించాల్సి వస్తే ఈ ఉత్కంఠ పుట్టదు. 2008లో వచ్చిన 'స్లమ్‌డాగ్ మిలియనీర్' సినిమా కథంతా ఈ ఆట మీదే నడుస్తుంది. ఏ దేశపు ప్రేక్షకుడికైనా తర్వాతి మెట్టు ఏమిటో ముందే తెలుసన్న ధీమా లేకుండా అలాంటి కథ అల్లడం కష్టం.

సంగీతం కూడా ఈ అస్థిపంజరంలో భాగమే. కీత్ స్ట్రాకన్, ఆయన కొడుకు మాథ్యూ స్ట్రాకన్ ఆ స్వరాలు కట్టారు. మొదటి ఐదు తేలిక ప్రశ్నలు దాటాక, మెట్టు ఎక్కేకొద్దీ నేపథ్య సంగీతం శ్రుతి అర స్వరం చొప్పున పెరుగుతుంది. చాలామంది దీన్ని విడిగా గమనించరు కానీ, వంటింట్లో ఉండి విన్నా ఆట పైమెట్ల మీద ఉందని పట్టేస్తారు. ప్రశ్న రాగానే లైట్లు తగ్గడం కూడా ఇలాంటిదే.

కొత్తగా సిరీస్ మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా గమనించని ఏర్పాటు ఇందులో ఇంకొకటుంది. ఎపిసోడ్ నిడివికీ ఆట నిడివికీ సంబంధం లేదు. ఆట మధ్యలో ఉండగా హూటర్ మోగుతుంది. ఆటగాడు మళ్లీ తర్వాతి ఎపిసోడ్‌లో అదే ప్రశ్న దగ్గర కుర్చీలో కూర్చుంటాడు. ఒకరు రెండో ప్రశ్నకే ఇంటికి పోవచ్చు, ఇంకొకరు గంటసేపు ఆలోచించవచ్చు. నిమిషాలు చూసి ఆటను కత్తిరిస్తే అసలైన క్షణాలు పోతాయి, ఆటను బట్టి ప్రసార సమయం సాగదీయడానికి చానల్ ఒప్పుకోదు. హూటర్ ఈ రెండు ఇబ్బందులనూ తీర్చింది. ఇక్కడ స్థిరంగా ఉన్నది వరస. ఒక్కో అడుగు ఎంతసేపు పడుతుందన్నది ఆటగాడి చేతిలో వదిలేశారు. చిన్న సిరీస్‌లు తీసేవాళ్లు దీన్ని తిరగేసి పట్టుకుంటారు. ప్రతి భాగానికీ ఇన్ని నిమిషాలని గిరి గీస్తారు, వరసను మాత్రం వారానికో రకంగా మారుస్తారు.

వరస స్థిరం, నిడివి సాగుడు

చిన్న సిరీస్‌లో ఇది ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. తెలుగు నేల మీది చేనేత ఊళ్ల గురించి ఇద్దరు ముగ్గురు కలిసి వారానికొక వీడియో తీస్తున్నారనుకుందాం. సిరీస్ పేరు 'నేత ఊరు'. ఒక్కో ఎపిసోడ్ పన్నెండు నిమిషాల వరకు ఉంటుంది. ప్రతి ఎపిసోడ్ అవే ఐదు ప్రశ్నలకు, అదే వరసలో జవాబు చెబుతుంది. ఈ ఊరి చీరను చూడగానే ఎలా గుర్తుపట్టాలి? నూలు ఎక్కడిది, రంగు ఎలా పడుతుంది? మగ్గం మీద ఏం జరుగుతుంది? ధరలో ఏ పనికి ఎంత పోతుంది? నకిలీని ఎలా పసిగట్టాలి?

పోచంపల్లి ఎపిసోడ్‌లో రెండో ప్రశ్నకే సగం సమయం పోతుంది. అక్కడి పనితనమంతా నేయకముందే ఉంది. నమూనా ప్రకారం నూలును ముడులు కట్టి, రంగులో ముంచి, మళ్లీ కట్టి, మరో రంగులో ముంచుతారు. మగ్గం ఎక్కకముందే బొమ్మ నూలులో ఉంటుంది. దానికి ముందు ఆసు పోయడం ఉంది. మేకుల చుట్టూ దారాన్ని వేల సార్లు చేత్తో తిప్పే ఆ పని భుజాలను ఎంతగా అరగదీస్తుందో తన తల్లిని చూసి తెలుసుకున్న చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఇదంతా రెండో భాగంలోకే వస్తుంది. మూడో భాగం ఆ వారం చిన్నదైపోయినా నష్టం లేదు.

గద్వాలకు వెళ్లినప్పుడు బరువు మూడో భాగానికి మారుతుంది. అక్కడ చీర ఒళ్లు నూలుది, అంచు, కొంగు పట్టువి. ఈ రెంటినీ మగ్గం మీదే కలిపే నేర్పును నెమ్మదిగా చూపించాలి. ఒంటికి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు ఎలా నడుస్తాయో కనబడేదాకా కెమెరా కదలకూడదు. రంగు భాగం రెండు నిమిషాల్లో అయిపోతే అయిపోనివ్వాలి. పోచంపల్లికి ఆరు నిమిషాలు ఇచ్చాం కాబట్టి దీనికీ ఆరు ఇవ్వాలనుకుంటే మాటలు సాగదీయాల్సి వస్తుంది.

ఇక మంగళగిరి. చీర ఒంటి మీద నేసిన బొమ్మ ఉండదు, అంచులోనే అందమంతా. మొదటి ప్రశ్నకు జవాబు అదే: బొమ్మ లేకపోవడమే గుర్తు. ప్రశ్నలు స్థిరంగా ఉంటే ఏదైనా లేకపోవడం కూడా సమాచారం అవుతుంది. పోచంపల్లి, గద్వాల చూసి వచ్చిన ప్రేక్షకుడు మంగళగిరి దగ్గర తనంతట తానే మూడింటినీ పోల్చుకుంటాడు. వ్యాఖ్యాత పోల్చి చెప్పాల్సిన పని ఉండదు. ఒక్కో ఎపిసోడ్ ఒక్కో పద్ధతిలో నడిచి ఉంటే ఈ పోలిక పుట్టదు. స్థిరమైన వరస వల్ల వచ్చే అన్ని లాభాల్లోనూ పెద్దది ఇదే. ప్రేక్షకుడి దగ్గర ఎపిసోడ్లన్నీ పోగుపడి ఒక చదువుగా మారతాయి.

ఎన్ని ప్రశ్నలు పెట్టుకోవాలన్నది మొదట్లో తేలదు. మూడు ఎపిసోడ్లు తీసి, ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉన్న మూడు ఊళ్లకు అవే ప్రశ్నలు వేసి చూడాలి. ఏ ప్రశ్న దగ్గరైనా రెండు ఊళ్లలో చెప్పడానికి ఏమీ లేకపోతే ఆ ప్రశ్న తీసేయాలి. మూడు ఎపిసోడ్లూ తయారయ్యాకే మొదటిది బయటికి వదలడం మంచిది. ఒకటి వదిలి, రెండోది తీస్తూ రూపం మార్చుకుంటూ పోతే మొదటి ఎపిసోడ్ ఎప్పటికీ ఇంకో సిరీస్‌ది లాగే మిగిలిపోతుంది.

చివరి ప్రశ్నగా నకిలీ గుర్తింపు పెట్టడానికీ ఒక కారణం ఉంది. ప్రేక్షకుడు దేనికోసం చివరిదాకా ఉంటాడో అది ప్రతి ఎపిసోడ్‌లోనూ అక్కడే ఉండాలి. అసలైన ఇక్కత్‌లో నూలుకే రంగు ఉంటుంది కాబట్టి బొమ్మ గుడ్డకు రెండు వైపులా ఒకేలా కనబడుతుంది, అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. అచ్చు వేసిన గుడ్డలో వెనకవైపు సాధారణంగా వెలవెలబోతుంది. ఇలాంటి జవాబు చివర్లో దొరుకుతుందని రెండు ఎపిసోడ్లు చూసినవాళ్లకు తెలిసిపోతే, మూడోసారి వాళ్లు మధ్యలో వెళ్లిపోవడం తగ్గుతుంది.

మొదటి పదిహేను సెకన్లు

తెలుగునాట తరతరాలు విన్న స్థిరమైన ఆరంభం ఆకాశవాణి వార్తలది. ముందు సంస్థ పేరు, తర్వాత వార్తలు చదువుతున్నది ఎవరన్నది, ఆ వెంటనే ముఖ్యాంశాలు. వాక్యమంతా మారదు, చదివేవాళ్ల పేరు ఒక్కటే మారుతుంది. ఉదయం ప్రసారం మొదలయ్యేటప్పుడు వినిపించే ఆకాశవాణి బాణీని వాల్టర్ కౌఫ్‌మన్ 1930లలో కట్టారు. ఆ బాణీ నెమ్మదిగా, తీరిగ్గా సాగుతుంది. రేడియో పెట్టినవాళ్లు అప్పుడే వంటపని మొదలుపెడుతూ ఉండేవాళ్లు, అంత తీరిక ఆ వేళకు సరిపోయింది.

ఫోన్‌లో వీడియో చూసేవాళ్ల తీరు వేరు. వేలు తెర మీదే ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ 2017లో టైటిళ్లను దాటవేసే మీటను తెచ్చింది. ఎంత అందమైన టైటిలైనా పదోసారి చూడటానికి ఓపిక ఉండదని ఆ సంస్థ ఒప్పుకున్నట్టే అయింది. అలాగని ఆరంభాన్ని పూర్తిగా తీసేస్తే సిరీస్‌కు గుర్తింపు ఉండదు. అందుకే ఈ పదిహేను సెకన్లలో ఏది ముందు, ఏది వెనక అన్నది జాగ్రత్తగా ఆలోచించాల్సిన విషయం.

'నేత ఊరు' మొదట ఆ ఎపిసోడ్‌కే సొంతమైన ఒక దృశ్యంతో, ఒక ప్రశ్నతో మొదలవుతుంది. గద్వాల అయితే నూలు ఒళ్లూ పట్టు అంచూ కలిసే చోటు దగ్గరగా కనబడుతుంది. ఈ రెంటినీ కుట్టకుండా ఎలా కలిపారన్న ఒక్క ప్రశ్న వినిపిస్తుంది. ఇది పది సెకన్లు. దాని వెనకే ఐదు సెకన్ల స్థిరమైన టైటిల్: మగ్గం చప్పుడు, సిరీస్ పేరు, ఊరి పేరు. ఆ వెంటనే మొదటి ప్రశ్న. టైటిల్ ముందు వచ్చి ప్రశ్న తర్వాత వస్తే, కొత్త ప్రేక్షకుడికి తనకు తెలియని పేరు ఒకటి కనబడుతుంది తప్ప ఉండిపోవడానికి కారణం దొరకదు. పాత ప్రేక్షకుడికేమో ఆ మగ్గం చప్పుడు ఎక్కడ వినిపించినా సరిపోతుంది. టైటిల్‌లో శబ్దం బొమ్మ కంటే ముఖ్యమైనది. సంగీతం కొనుక్కోలేకపోతే ఆ పనిలోంచే పుట్టిన శబ్దం వాడుకోవడం మేలు, అది ఇంకెవరి వీడియోలోనూ వినిపించదు.

ఆరంభం సరిగ్గా ఉందో లేదో అంకెలే చెబుతాయి. యూట్యూబ్ స్టూడియోలో ప్రతి వీడియోకూ ఒక గీత ఉంటుంది. ఏ క్షణం దగ్గర ఎంతమంది చూస్తూ ఉన్నారో అది చూపిస్తుంది. మొదటి 30 సెకన్ల తర్వాత ఎంత శాతం మిగిలారో విడిగా కూడా చెబుతుంది. గీత టైటిల్ దగ్గర గుంట పడి, టైటిల్ అయిపోగానే మళ్లీ పైకి లేచిందంటే ప్రేక్షకులు దాన్ని దాటేస్తున్నారని అర్థం. టైటిల్ పొడవు తగ్గించాలి. గీత పడి మళ్లీ లేవకపోతే వాళ్లు వెళ్లిపోయారని అర్థం. అప్పుడు తప్పు టైటిల్‌ది కాకపోవచ్చు, ముందు వేసిన ప్రశ్నది అయి ఉండవచ్చు. టైటిల్ ప్రతి ఎపిసోడ్‌లో ఒకే చోట, ఒకే నిడివిలో ఉన్నప్పుడే ఈ గీతలను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదురుతుంది. అది ఒకసారి ఐదో సెకనులో, ఒకసారి నలభయ్యో సెకనులో వస్తుంటే గీతలు ఏమీ చెప్పవు.

పేరు

'మిలియనీర్' తయారీలో ఉన్నప్పుడు దానికి 'క్యాష్ మౌంటెన్' అని పేరు అనుకున్నారు. డబ్బుల కొండ అంటే ఎవరు ఎక్కాలి, ఎలా ఎక్కాలి అన్నది తెలియదు. చివరికి స్థిరపడిన పేరు ప్రేక్షకుడినే అడిగే ప్రశ్న. తెలుగు పేరూ అదే ప్రశ్నను నిలుపుకుంది. పేరు వినగానే ఆట ఏమిటో, బహుమతి ఎంతో తెలిసిపోతుంది. సిరీస్ పేరు చేయాల్సిన పని ఇంతే.

ఎపిసోడ్ పేర్లకు వచ్చేసరికి అవసరాలు మారతాయి. వీడియో పేర్లు ఫోన్ తెర మీద కొంతదాకే కనబడతాయి, మిగతాది తెగిపోతుంది. అందుకని ఆ ఎపిసోడ్‌కు సొంతమైన మాటలు ముందు రావాలి, సిరీస్ పేరు, సంఖ్య చివర ఉండాలి. 'గద్వాల: పట్టు అంచు నూలుకు ఎలా అతుకుతుంది? | నేత ఊరు 04' అన్నది ఒక పద్ధతి. దీన్ని తిరగేసి సిరీస్ పేరుతో మొదలుపెడితే, జాబితాలో ఇరవై వీడియోలూ ఒకే మాటతో కనబడతాయి. ఏది ఏ ఊరిదో తెలుసుకోవాలంటే ఒక్కోటీ తెరవాలి.

సంఖ్య విషయంలో ఒక నిర్ణయం తప్పదు. కథ ఒక ఎపిసోడ్ నుంచి ఇంకోదానికి సాగేదైతే సంఖ్య స్పష్టంగా, ముందే కనబడాలి. 'నేత ఊరు' లాగా ఏ ఎపిసోడ్‌కు ఆ ఎపిసోడ్ పూర్తయ్యేదైతే సంఖ్యను పెద్దదిగా చూపించడం నష్టమే. 34 అన్న అంకె చూసి, ముందు 33 చూడాలేమోనని కొత్తవాళ్లు వెనక్కి తగ్గుతారు. వీడియో ముఖచిత్రం మీద సంఖ్య వేయాలనుకుంటే కుడివైపు కింది మూలను వదిలేయాలి. అక్కడ నిడివి చూపించే పెట్టె వచ్చి దాన్ని కప్పేస్తుంది.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. ఒకే ఊరిని పోచంపల్లి అనీ, భూదాన్ పోచంపల్లి అనీ రాస్తారు. ఒకే మాట ఒక వారం 'ఎపిసోడ్', ఇంకో వారం 'భాగం' అవుతుంది. వెతికేవాళ్లకు ఇవి వేర్వేరు మాటలు. మొదటి రోజే ఒక చిన్న పట్టిక రాసుకుని, ఊరి పేర్లు, సిరీస్ పేరు, విభాగాల పేర్లు ఎలా రాయాలో తేల్చుకుంటే ఈ తిప్పలు ఉండవు. తెలుగు మాటలను ఆంగ్ల అక్షరాల్లో కొట్టి వెతికేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్ల కోసం ఆ రూపాన్ని వివరణలో ఒకసారి ఇస్తే చాలు. శీర్షికలో రెండు లిపులూ కలిపితే చదవడానికి చోటు మిగలదు.

తీసిన ఫైళ్లకూ పేరు పద్ధతి కావాలి. అది ప్రేక్షకుడికి కనబడదు కానీ, పాత దృశ్యం కోసం వెతికే రోజున దాని విలువ తెలుస్తుంది. చాలాచోట్ల ఫైళ్ల పేర్లు ఎడమ నుంచి ఒక్కో అక్షరం చూస్తూ వరసలో పేరుస్తారు, అప్పుడు 2 కంటే 10 ముందు వచ్చేస్తుంది. సున్నా చేర్చి రెండంకెలుగా రాస్తే ఈ గొడవ ఉండదు:

```
NU_S01E02_Pochampally_v1.mp4
NU_S01E04_Gadwal_v3.mp4
NU_S01E10_Mangalagiri_v2.mp4
```

పండగ ప్రత్యేకం, ప్రశ్నలకు జవాబులు లాంటివి ఈ సంఖ్యల్లో కలపకూడదు. వాటిలో ఐదు ప్రశ్నల వరస ఉండదు. 'నేత ఊరు 11' అని చూసి వచ్చినవాళ్లకు అనుకున్నది దొరకకపోతే, 12 మీద కూడా నమ్మకం తగ్గుతుంది. వాటికి వేరే పేరు, వేరే జాబితా పెట్టడమే పద్ధతి.

కాగితం మీద

బ్రిటన్‌లో హ్యూయీ గ్రీన్ అనే వ్యాఖ్యాత 'ఆపర్చునిటీ నాక్స్' అనే ప్రతిభా పోటీని ఏళ్ల తరబడి నడిపారు. న్యూజిలాండ్ ప్రసార సంస్థ అదే పేరుతో, అలాంటి కార్యక్రమమే చేసింది. ఆయన దావా వేశారు. పేరు, ప్రతిసారీ పలికే మాటలు, చప్పట్లను కొలిచే యంత్రం తన కార్యక్రమానివేనన్నారు. 1989లో ప్రివీ కౌన్సిల్ ఆయన వాదనను ఒప్పుకోలేదు. విడివిడిగా ఉన్న ఆ ఆనవాళ్లకు ఒక కృతికి ఉండాల్సిన నిర్దిష్టత, ఐక్యత లేవంది. అది కాపీరైటు గురించిన తీర్పే అయినా, సిరీస్ తీసేవాళ్లకు అందులో పనికొచ్చే విషయం ఉంది. ఊతపదం, రంగు, టైటిల్ అన్నీ ఉన్నా, అవి ఏ వరసలో, ఏ నియమంతో కలుస్తాయో రాసి లేకపోతే ఫార్మాట్ ఉన్నట్టు కాదు.

ఇలా రాసిన పత్రాన్ని టీవీ పరిశ్రమలో ఫార్మాట్ బైబిల్ అంటారు. 'మిలియనీర్' లాంటి ఆటను ఒక దేశం నుంచి ఇంకో దేశానికి అమ్మినప్పుడు వెళ్లేది ఇదే. చిన్న సిరీస్‌కు ఒక పేజీ సరిపోతుంది. ఐదు ప్రశ్నలు వాటి వరసతో, టైటిల్ ఎన్నో సెకనులో వస్తుందో, శీర్షిక నమూనా, అక్షరాల పట్టిక, ముగింపు వాక్యం ఉంటే చాలు. వాడిన తెలుగు ఫాంటు పేరు కూడా అందులో రాయాలి. ఎడిటింగ్ చేసేవాళ్లు మారినా, కంప్యూటర్ మారినా ముందు తేడా వచ్చేది అక్కడే. భారతీయ లిపుల అమరికను ఆన్ చేయని సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఒక్క వారం అలా వెళ్లినా తెలుగు చదివేవాళ్ల కంటికి అది చాలా బాధగా ఉంటుంది. టైటిల్, పేర్లు వేసే పట్టీ, శబ్దం స్థాయి ముందే అమర్చిన ఖాళీ ప్రాజెక్టు ఒకటి దాచుకుని ప్రతి ఎపిసోడ్‌నూ దాని నకలుతో మొదలుపెడితే, ఈ పేజీలో సగం దానంతటదే అమలవుతుంది.

జారుడు, మార్పు

ఫార్మాట్ ఒక్క రోజులో చెడదు, ఎపిసోడ్‌కు కాస్త చొప్పున జారుతుంది. మొదట టైటిల్ ముందు ఒక పలకరింపు చేరుతుంది. తర్వాత చానల్‌ను సబ్‌స్క్రైబ్ చేయమనే విన్నపం, ఆ తర్వాత ప్రాయోజకుడికి కృతజ్ఞత. ఏ ఒక్కటీ తప్పుగా తోచదు. ఇరవయ్యో ఎపిసోడ్ వచ్చేసరికి మొదటి ప్రశ్న రెండో నిమిషంలో మొదలవుతుంది. రోజూ చూసే కళ్లకు ఇది కనబడదు. అందుకే ఐదారు ఎపిసోడ్లకోసారి మొదటిదాన్నీ తాజాదాన్నీ పక్కపక్కన పెట్టి, ప్రతి భాగం ఎన్నో సెకనులో మొదలైందో రాసుకోవాలి. ప్రాయోజకుడి మాట తప్పనిసరైతే దానికీ ఒక స్థిరమైన చోటు ఇవ్వాలి. మూడో ప్రశ్నకూ నాలుగో ప్రశ్నకూ మధ్య అని తేల్చేస్తే అది ఇక ఎక్కడికీ పాకదు.

దీనికి వ్యతిరేకమైన జబ్బు కూడా ఉంది. చెప్పడానికి ఏమీ లేకపోయినా గడి నింపాలన్న పట్టుదల అది. ఒక ఊళ్లో నాలుగో ప్రశ్నకు నేతగాళ్లు జవాబు చెప్పడానికి ఇష్టపడకపోతే, ఆ మాట ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోవడమే సరి. ప్రశ్న అడిగారన్నది ప్రేక్షకుడికి తెలుస్తుంది, వరస చెదరదు, అబద్ధపు నిండుతనమూ రాదు.

కొన్నిసార్లు ఫార్మాట్‌నే మార్చాల్సి వస్తుంది. ఏది మారవచ్చో, ఏది మారకూడదో 'మిలియనీర్' చరిత్రలోనే కనబడుతుంది. మన దేశంలో 2005లో రెండో సీజన్ వచ్చినప్పుడు బహుమతి కోటి నుంచి 2 కోట్లకు పెరిగింది. 2010లో గడియారం చేరింది. ఈ రెండింటి వల్ల ఆట అర్థం కావడానికి ఏ కొత్త పాఠమూ అక్కర్లేకపోయింది. అమెరికాలో అదే 2010లో చేసిన మార్పు వేరు. మొదటి పది ప్రశ్నలకు ఎంత డబ్బో ముందే తెలియకుండా కలిపేశారు. జవాబు చెప్పాకే ఆ ప్రశ్న విలువ తెలిసేది. ప్రశ్నల కష్టం, డబ్బు కలిసి పెరగడమన్నది పోయింది. ఆటగాడు ఏ మెట్టు మీద ఉన్నాడో, ఎంత పణం పెడుతున్నాడో ఇంట్లోవాళ్లు లెక్కగట్టుకోలేకపోయారు. ఆ పద్ధతిని 2015లో వదిలేసి మళ్లీ మెట్ల వరసకు వచ్చారు. బ్రిటన్‌లో కూడా 2007లో ప్రశ్నలు పన్నెండుకు తగ్గాయి. 2018లో జెరెమీ క్లార్క్‌సన్ వ్యాఖ్యాతగా తిరిగి మొదలైనప్పుడు పదిహేను ప్రశ్నలు వెనక్కి వచ్చాయి, వాటితో పాటు వ్యాఖ్యాతనే అడిగే ఒక కొత్త లైఫ్‌లైన్ చేరింది. చేర్చినది మెట్లను కదపలేదు.

'నేత ఊరు' విషయంలోనూ అంతే. ముఖచిత్రం, టైటిల్ శబ్దం, వ్యాఖ్యాత మారవచ్చు. ఆరో ప్రశ్న ఒకటి చేర్చవచ్చు. నకిలీ గుర్తింపును చివరి నుంచి మొదటికి తెస్తే మాత్రం అది ఇంకో సిరీస్. చేయదలచిన మార్పును ఒక సీజన్ ముగిశాక, కొన్ని వారాల విరామం ఇచ్చి, కొత్త సీజన్ మొదటి ఎపిసోడ్‌తో తేవాలి. ఒక సీజన్‌కు ఒకటే మార్పు చేస్తే, గీతలో వచ్చిన తేడా దేనివల్లో తెలుస్తుంది. మూడు కలిపి మారిస్తే తెలియదు. మార్పు సంగతి మొదటి ఎపిసోడ్‌లో ఒక్క వాక్యంలో చెప్పాలి, ఫైలు పేరు `NU_S02E01`తో మొదలవ్వాలి, ఒక పేజీ పత్రంలో పాత నియమాన్ని చెరపకుండా పక్కన తేదీ వేసి కొత్తది రాయాలి. పాత ఎపిసోడ్లను కొత్త రూపంలోకి మళ్లీ ఎడిట్ చేయనక్కర్లేదు. వాటి శీర్షికలు మాత్రం కొత్త నమూనాలోకి మార్చుకోవాలి, ఎందుకంటే జాబితాలో అవి కొత్తవాటి పక్కనే కనబడతాయి.